38 యూనిట్లకు 418 రూపాయలు ఎట్లా పెరిగినాయి?

బి_క్యాంపు_సుధ
రెండు బిల్లులు ముందర పెట్టుకొని కూర్చున్నా, లెక్క తేలడం లేదు. రెండూ 2025వే. మార్చిలో 224 యూనిట్లకు 1359 వచ్చింది. ఏప్రిల్‌లో 262 యూనిట్లకు 1777. అంటే 38 యూనిట్లు ఎక్కువ కాలినందుకు 418 రూపాయలు, యూనిట్‌కు సరిగ్గా 11 పడింది. ఇళ్ల టారిఫ్‌లో అన్నిటికంటే పై స్లాబే 9.75 కదా, మరి ఈ 11 యాడ నుంచి వచ్చింది? మీటర్ రీడింగ్ తప్పు కొట్టినారా? కర్నూలు టౌన్‌లోనే ఉంటాం, లోడు 2 కిలోవాట్లు.

ఉగ్గాని_బజ్జి
సింపుల్. 225 దాటినావు కాబట్టి గ్రూపు మారిపోయింది. మొదటి యూనిట్ నుంచి మొత్తం పెద్ద రేటుతో వేసినారు. అందుకే 224 దగ్గర ఆపుకోవాలనేది.

తుంగభద్ర_గట్టు
బ్రిడ్జి దాటి అలంపూర్ పక్కకు మకాం మార్చు సుధక్కా. అక్కడ తెల్లకార్డు ఉంటే 200 యూనిట్ల దాకా జీరో బిల్లు.

బి_క్యాంపు_సుధ
262 కాలుతుంటే 200 దాకా ఫ్రీ ఉండి నాకేం లాభం గట్టన్నా. బజ్జి గారూ, మొత్తం పెద్ద రేటు పడితే 262 × 8.75 అంటే 2292 కావాలి. నాది 1777 కదా.

లైన్‌మీద_కాకి
బజ్జి చెప్పేది పాత సంగతి. ఇళ్లకు ఎ, బి, సి అని మూడు గ్రూపులు ఉండేవి. సి గ్రూపులో పడితే కింది యూనిట్లకు కూడా ఎక్కువ రేటు పడేది. ఆ పద్ధతి 2022 మార్చితో పోయింది. 2022 ఏప్రిల్ నుంచి అందరికీ ఒకటే మెట్ల వరస. పై మెట్టు రేటు ఆ మెట్టు మీదున్న యూనిట్లకే, కింది యూనిట్ల జోలికి రాదు.

మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా 4.50. 126 నుంచి 225 దాకా 6. 226 నుంచి 400 దాకా 8.75. ఆపైన 9.75.

సుధ గారి మార్చి లెక్క: 30 యూనిట్లకు 57, తర్వాత 45కు 135, తర్వాత 50కి 225, మిగిలిన 99కి 594. మొత్తం 1011. ఏప్రిల్‌లో 225 దాకా 1017, మిగిలిన 37కి 323.75. మొత్తం 1340.75. బిల్లులో ఎనర్జీ చార్జీల లైను చూడండి, ఇవే ఉండాలి.

బి_క్యాంపు_సుధ
పైసలతో సహా ఇవే ఉన్నాయి. తేడా 329.75. మరి 418లో ఇంకా 88 చిల్లర మిగిలింది కదా.

లైన్‌మీద_కాకి
అది స్లాబుల్లో దొరకదు, కిందికి రావాలి. బిల్లులో ఉన్న లైన్లన్నీ ఇక్కడ ఎక్కించండి. మొత్తం నుంచి వెనక్కి పోతే చిక్కు. లైను పక్కన లైను పెట్టి తీసివేస్తే ఎక్కడ పెరిగిందో అదే బయటపడుతుంది.

ఎర్రముక్కపల్లె_బాషా
మాకు కడపలో గూడా ఇదే గతి. మామూలుగా 900 వచ్చేది ఒక్కసారిగా 1600 దాటింది. యూనిట్లు మాత్రం పోయిన నెలకంటే తక్కువే. మీటర్ దూకుతాందేమో అని అనుమానం.

లైన్‌మీద_కాకి
బాషా భాయ్, యూనిట్లు తగ్గి బిల్లు పెరిగితే మీటర్ దూకడం ఎట్లా అవుతుంది? దూకితే యూనిట్లే పెరుగుతాయి. ఏసీడీ అని లైను ఏమైనా ఉందా?

ఎర్రముక్కపల్లె_బాషా
ఉంది. ఏసీడీ 740 అని. అది ఏసీ వాడినందుకు కాదా?

తుంగభద్ర_గట్టు
ఏసీ వాడితే ఏసీడీ, డీసీ వాడితే డీసీడీ 😄

లైన్‌మీద_కాకి
నవ్వకండి, చానామందికి ఉండే అనుమానమే అది. అది అదనపు డిపాజిట్. కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్ మీ రెండు నెలల సగటు బిల్లుకు సరిపోవాలి. వాడకం పెరిగినకొద్దీ ఏడాదికొకసారి చూసి తక్కువైనది అడుగుతారు. చార్జీ కాదు, మీ పేరు మీదే ఉంటుంది, వడ్డీ కూడా బిల్లులో తగ్గిస్తారు. బాషా భాయ్ లెక్కలోంచి ఆ 740 తీసేస్తే మామూలు బిల్లే మిగులుతుంది. ఆయనది వేరే కథ, సుధ గారిది వేరే.

బి_క్యాంపు_సుధ
ఏసీడీ లేదు నాకు. లైన్లు ఇవి, ముందు మార్చి, తర్వాత ఏప్రిల్.
ఎనర్జీ: 1011.00, 1340.75
ఫిక్స్‌డ్: 20, 20
కస్టమర్ చార్జీ: 40, 40
ఎలక్ట్రిసిటీ డ్యూటీ: 13.44, 15.72
ఎఫ్‌పీపీసీఏ, దగ్గరి నెలది: 60.00, 67.20
ఎఫ్‌పీపీసీఏ, పాత ఏడాదులవి రెండు లైన్లు కలిపి: 214.60, 293.37
పైసలు రౌండ్ చేసి 1359, 1777.

గుత్తి_కోట
ఇవన్నీ సరేగానీ అసలు మోసం తేదీలో ఉంటుంది. రీడింగ్‌కు వచ్చేటాయప్ప కావాలనే ఐదారు రోజులు లేటుగా వస్తాడు. యూనిట్లు పై స్లాబులోకి పోతాయి. సుధ గారూ, రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులో చూడండి.

బి_క్యాంపు_సుధ
మార్చికి 30, ఏప్రిల్‌కు 31. అది కాదు.

లైన్‌మీద_కాకి
తేదీ సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఈ లైన్లు ముగిద్దాం.

ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 చొప్పున, రెండు కిలోవాట్లకు 20. వాడినా వాడకున్నా అంతే, తేడాలోకి రాదు. కస్టమర్ చార్జీ రెండు నెలలకూ ఒకటే, అదీ పోయింది. డ్యూటీ యూనిట్‌కు 6 పైసలు. 262 × 0.06 = 15.72. సరిపోయింది, తేడా 2.28.

ఇప్పుడు దగ్గరి నెల ఎఫ్‌పీపీసీఏ. డిస్కంలు కరెంటు కొన్న ఖర్చు అంచనా దాటితే ఆ తేడాను నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వేసుకునే వీలు 2023 నుంచి ఉంది. కిటుకు ఏమంటే అది ఈ నెల యూనిట్ల మీద పడదు, రెండు నెలల కిందటి యూనిట్ల మీద పడుతుంది. ఏప్రిల్ బిల్లులో 67.20 ఉంది. దాన్ని 0.40తో భాగిస్తే 168. మీ ఫిబ్రవరి బిల్లు తీసి చూడండి, 168 యూనిట్లు ఉండాలి.

బి_క్యాంపు_సుధ
ఫిబ్రవరి 168. జనవరి 150. మార్చి బిల్లులో 60 రూపాయలు ఆ జనవరిదా! నేను 60ని 224తో భాగించి 26.8 పైసలు, 67.20ని 262తో భాగించి 25.6 పైసలు అని, నెలకో రేటు ఏందిరా అని కొట్టుకుంటున్నా.

ఉగ్గాని_బజ్జి
అంటే ఎండాకాలం కాల్చిందానికి వానాకాలంలో కూడా కట్టాల్నా?

లైన్‌మీద_కాకి
అంతే. ఏప్రిల్, మే యూనిట్ల 40 పైసలు జూన్, జూలై బిల్లుల్లో వస్తాయి. ఏసీ ఆపేసినా జూలై బిల్లు అనుకున్నంత తగ్గలేదని జనం అనేది సగం ఇందుకే.

ఇప్పటిదాకా తేడాలు: 329.75, 2.28, 7.20. కలిపితే 339.23. మొత్తం తేడా 418. మిగిలింది 78.77. పాత ఏడాదుల లైన్లు చూడండి: 293.37లోంచి 214.60 తీస్తే సరిగ్గా 78.77. మీ 11 రూపాయల మర్మం అదీ. 38 యూనిట్ల ఖరీదు 332 రూపాయలే. మిగతా 86 రూపాయలు ఈ 38 యూనిట్లకు సంబంధం లేనివి, పాత యూనిట్లవి.

బి_క్యాంపు_సుధ
అన్ని లైన్లూ సరిపోయినాయి. పాత ఏడాదులవి అంటే ఏ ఏడాదులవి? మార్చి కంటే ఏప్రిల్‌లో ఎందుకు పెరిగినాయి?

లైన్‌మీద_కాకి
2022-23లో డిస్కంలకు అయిన అదనపు ఖర్చు కింద 6,072 కోట్లు, 2023-24ది 9,412 కోట్లు వసూలు చేసుకోమని విద్యుత్ నియంత్రణ మండలి అనుమతిచ్చింది. 2024 డిసెంబర్ నుంచి బిల్లుల్లో వేయడం మొదలుపెట్టినారు. మొదటిది 15 నెలల్లో, రెండోది 24 నెలల్లో. దాన్ని ఇప్పటి యూనిట్ల మీద వేయరు. ఆ పాత నెలలో మీ సర్వీస్ నంబర్ మీద ఎన్ని యూనిట్లు కాలినాయో వాటి మీద వేస్తారు. ఆ నెల రేటు ఒకటి, పక్క నెల రేటు ఇంకొకటి. మార్చి బిల్లులో పాత చలికాలపు నెల పడి, ఏప్రిల్ బిల్లులో పాత ఎండాకాలపు నెల పడితే మీరు ఇప్పుడు ఒక్క యూనిట్ పెంచకపోయినా ఆ లైను పెరుగుతుంది. లైను పక్కన పాత నెల, ఏడాది అచ్చయి ఉంటాయి చూడండి.

బి_క్యాంపు_సుధ
ఉన్నాయి. అక్షరాలు చీమల్లా ఉంటే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూసినా. ఏప్రిల్ బిల్లులో ఒకటి మే నెలది.

గుత్తి_కోట
వాళ్లు వేసిన పైసలు సరైనవేనని ఎట్లా నమ్మాలి? పాత నెల యూనిట్లు మనం రాసి పెట్టుకున్నామా?

లైన్‌మీద_కాకి
రాసి పెట్టుకోనక్కర్లేదు. డిస్కం వెబ్‌సైట్‌లో 13 అంకెల సర్వీస్ నంబర్ కొడితే పాత బిల్లులు వస్తాయి. అంత వెనక్కి రాకపోతే సెక్షన్ ఆఫీసులోనో రెవెన్యూ ఆఫీసులోనో లెడ్జర్ అడగండి. పాత లైను రూపాయలను ఆ పాత నెల యూనిట్లతో భాగించండి, పైసల్లో ఒక రేటు వస్తుంది. పక్కింటి బిల్లులో అదే పాత నెల లైను తీసుకొని వాళ్ల పాత యూనిట్లతో భాగించండి. రేటు ఇద్దరికీ ఒకటే రావాలి. రాలేదంటే ఎవరిదో ఒకరి యూనిట్లు తప్పు ఎక్కించినట్టు. అప్పుడు రెండు బిల్లుల కాపీలు పెట్టి రాసి ఇవ్వండి. ఊరికే బిల్లు ఎక్కువొచ్చింది అని పోతే మీటర్ టెస్టుకు ఫీజు కట్టమంటారు, అసలు సంగతి మరుగున పడుతుంది.

రెండో_అంతస్తు
ఆగండి ఆగండి. నేను అనంతపురంలో ఈ ఇంట్లోకి పోయిన ఆగస్టులో చేరినాను. అంటే 2022లో ఇంకెవరో కాల్చిన కరెంటుకు నేను కడుతున్నానా?

లైన్‌మీద_కాకి
అవును. మీటర్‌కు మనిషి తెలియదు, సర్వీస్ నంబరే తెలుసు. ఎనర్జీ లైను మీది. పాత ఏడాది లైను మీకు ముందున్నవాళ్లది.

ధర్మవరం_పట్టు
బాడుగ మాట్లాడుకున్నప్పుడే కరెంటు బిల్లు ఎంతొస్తే అంత బాడుగకున్నోళ్లే కట్టాలని చెప్పుకుంటాం కదా. మళ్ళీ అందులో ఈ లైను నాది ఈ లైను నీది అని పంచుకుంటే ఎట్లా?

రెండో_అంతస్తు
ఎంతొస్తే అంత అంటే నేను వాడింది ఎంతొస్తే అంత. ముందరాయన నాలుగు ఏసీలు పెట్టుకొని పోయుంటే అది నేను మోయాల్నా? ఓనరే కదా ఆ సర్వీస్ పేరుగలాయన.

ధర్మవరం_పట్టు
ఓనర్ కూడా ఆ కరెంటు కాల్చలేదు కదప్పా. ఖాళీ చేసి పోయినాయన ఏ ఊర్లో ఉన్నాడో ఎవరికి తెలుసు, వాడి దగ్గరికి పోయి 300 వసూలు చేసేది ఎవరు?

తుంగభద్ర_గట్టు
ముందరాయన పెళ్లి ఫోటో గోడమీదే వదిలేసి పోయుంటే దానికి దండేసి బిల్లు అతికించండి.

లైన్‌మీద_కాకి
కరెంటోళ్ల లెక్కలో దీనికి జవాబు లేదు. బిల్లు సర్వీస్‌కు వస్తుంది, కట్టకపోతే ఆ సర్వీస్‌కే కట్ అవుతుంది. ఇంటాయన, బాడుగాయన మాట్లాడుకోవాల్సిందే. పాత ఏడాది లైన్లు వేరుగా అచ్చయి ఉంటాయి కాబట్టి కనీసం అవెంతో ఇద్దరికీ తెలుస్తుంది. కొత్తగా కట్టిన ఇంటికి, అప్పట్లో సర్వీసే లేని ఇంటికి, ఆ లైను రాదు. వచ్చిందంటే తప్పే, వెంటనే అడగొచ్చు.

గుత్తి_కోట
నా తేదీ ప్రశ్న ఎగ్గొడుతున్నారు.

లైన్‌మీద_కాకి
ఎగ్గొట్టను. రోజుకు 5 యూనిట్లు కాలే ఇల్లు తీసుకో. 30 రోజులకు 150, దానికి ఎనర్జీ 567. రెండు నెలలకు 1134. ఇప్పుడు రీడింగ్ 36 రోజులకు తీసి తర్వాతిది 24 రోజులకే తీసినారనుకో. 180 యూనిట్లకు 747, 120కి 394.50. కలిపి 1141.50. నష్టం ఏడున్నర రూపాయలు. ఎందుకంటే ఈ నెల ఎక్కువ పడిన యూనిట్లు వచ్చే నెల తగ్గుతాయి, ఐదు యూనిట్లు మాత్రమే 4.50 బదులు 6లో పడినాయి.

అదే రోజుకు ఏడున్నర యూనిట్లు కాలితే మాత్రం దెబ్బే. నెలకు 225, సరిగ్గా మెట్టు అంచున. 36 రోజులకు 270 యూనిట్లు, 1410.75. తర్వాతి 24 రోజులకు 180, 747. కలిపి 2157.75. సరిగ్గా తీసివుంటే 2034. నష్టం 123.75. అంటే ప్రతి లేటు రీడింగూ మోసం కాదు, నువ్వు 225 అంచున ఉన్నావా లేదా అనేదే లెక్క.

గుత్తి_కోట
తర్వాత 24 రోజులకే వస్తాడని నీకు చెప్పిందెవరు? ఒకసారి 36 రోజులకు వచ్చి, ఇక అదే తేదీకి 30 రోజుల లెక్కన వస్తాడు. ఆ ఆరు రోజుల చవక స్లాబు నాకు తిరిగి ఎప్పుడు వస్తుంది?

లైన్‌మీద_కాకి
అది సరైన పాయింటు. తేదీ శాశ్వతంగా జరిగితే ఆ ఆరు రోజుల కింది మెట్లు పోయినట్టే. అదే ఇంటికి 45 యూనిట్లకు 393.75 పడుతుంది, సగటున పడాల్సింది 203.40. ఒకేసారి 190 నష్టం.

బి_క్యాంపు_సుధ
రోజులు ఎక్కువైతే స్లాబులు కూడా ఆ లెక్కన పెంచి వేయాలి కదా?

ఉగ్గాని_బజ్జి
వేస్తారు, మెషిన్‌లోనే సెట్ చేసి ఉంటుంది.

గుత్తి_కోట
ఎక్కడ వేసినారు, నేనెప్పుడూ చూడలేదు.

లైన్‌మీద_కాకి
వాదన ఎందుకు, బిల్లే చెబుతుంది. 36 రోజుల బిల్లులో 270 యూనిట్లు ఉన్నాయనుకో. ఎనర్జీ లైనులో 1410.75 ఉంటే మామూలు స్లాబులే వేసినట్టు. రోజుల లెక్కన పెంచివుంటే 1017కు ఒకటిన్నర పాళ్లో రెండు పాళ్లో కాదు, సరిగ్గా 36/30 వంతు, అంటే 1220.40 ఉండాలి. కోటా, లేటుగా తీసిన బిల్లు ఒకటి దొరికితే ఎక్కించు.

గుత్తి_కోట
బీరువాలో వెతకాల. ఇంట్లోవాళ్లు సరుకుల చీటీలకు వాడేసినారేమో.

ఎర్రముక్కపల్లె_బాషా
ఇంకో అనుమానం. ఏసీడీ సరే. కానీ బిల్లులో రీడింగ్ 8412 అని ఉంది. ఇప్పుడు మీటర్‌లో చూస్తే 8890 అంటాంది. నాలుగు రోజుల్లో 478 యూనిట్లా?

లైన్‌మీద_కాకి
మీటర్ తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. అంకె పక్కన kWh అని కనబడినప్పుడు చూడండి. kVAh అని ఉన్నది వేరే, అది ఎప్పుడూ కొంచెం పెద్దదిగానే ఉంటుంది. ఇళ్ల బిల్లు kWh మీదే.

ఎర్రముక్కపల్లె_బాషా
ఆ, kWh దగ్గర 8436 ఉంది. నాలుగు రోజులకు 24. సరే సరే.

ధర్మవరం_పట్టు
మా ఇంట్లో ఇంకో అంకె కూడా వస్తుంది, 3.4 kW అని. లోడు 2 కిలోవాట్లే తీసుకున్నాం. దానికి ఏమైనా పడుతుందా?

ఉగ్గాని_బజ్జి
ఆ నెలలో అన్నీ ఒకేసారి వేసినప్పుడు ఎక్కువలో ఎక్కువ ఎంత లాగిందో అది. గీజర్ 2 కిలోవాట్లు, ఏసీ ఒకటిన్నర, రెండూ కలిసి ఆన్ అయితే 3.4 అవుతుంది. దానికి యూనిట్ రేటు పెరుగుతుంది.

లైన్‌మీద_కాకి
మొదటి సగం సరి. యూనిట్ రేటు పెరగదు. లోడు పెంచుకోమని నోటీసు రావచ్చు, దానికి డెవలప్‌మెంట్ చార్జీ, డిపాజిట్ కట్టాలి. ఆ తర్వాత నెలనెలా పెరిగేది కిలోవాట్‌కు 10 రూపాయలే. మీటర్ పక్కన నిలబడి గీజర్ ఆపి ఏసీ వేసి చూస్తే ఎక్కడ తగ్గించుకోవచ్చో తెలుస్తుంది.

బి_క్యాంపు_సుధ
కాకి గారూ, చివరగా ఒకటి. మే నెలలో మాకు 300 దాటుతుంది. 225 పైన ఒక్కో యూనిట్ నిజానికి ఎంత పడుతుంది?

లైన్‌మీద_కాకి
8.75, డ్యూటీ 6 పైసలు, రెండు నెలల తర్వాత వచ్చే 40 పైసలు. 9.21. గదిలో ఏసీ గంటకు యూనిట్ తింటుంటే రాత్రి ఎనిమిది గంటలకు దాదాపు 74 రూపాయలు. ఆ పాత ఏడాది లైన్లు మాత్రం ఏసీ ఆపినా తగ్గవు, వాటిని పక్కన పెట్టే లెక్క వేసుకోండి.

రెండో_అంతస్తు
పట్టు గారూ, మా ఓనర్‌కు బిల్లు ఫోటో పంపినా, పాత లైన్ల కింద గీత గీసి. చూసినట్టు నీలి టిక్కు వచ్చింది. జవాబు రాలేదు.

ధర్మవరం_పట్టు
రాదు కూడా 😀 సగం సగం అని అడుగు, ఒప్పుకుంటాడేమో.